టైటిల్ ఒక్కటే ఇచ్చి వీడియో సారాంశం రాయమంటే: అడగాలా, వెతకాలా, చూడాలా, ఊహించాలా?

ఒక వీడియో టైటిల్ పంపి "దీని సారాంశం రాసి పెట్టు" అంటారు. లింక్ ఉండదు, ఛానల్ పేరు ఉండదు, ట్రాన్‌స్క్రిప్ట్ సంగతి సరేసరి. అడిగినవాళ్లకి ఇందులో లోటేమీ కనిపించదు, వాళ్ల బుర్రలో ఉన్నది ఆ ఒక్క వీడియోనే కదా. మీ చేతిలో ఉన్నది మాత్రం ఒక్క వాక్యం. యూట్యూబ్‌లో టైటిల్‌కి 100 క్యారెక్టర్లకు మించి చోటు ఉండదు, అందులోనూ సగం జనాన్ని క్లిక్ చేయించడానికే పోతుంది.

ఇప్పుడు మీకు ఐదు దారులున్నాయి: తిరిగి అడగడం, వీడియోని వెతికి క్యాప్షన్లు తీసుకోవడం, కూర్చుని చూడటం, డిస్క్రిప్షన్ లాంటి చుట్టుపక్కల సమాచారంతో సరిపెట్టడం, టైటిల్‌ని చూసి ఊహించి రాసేయడం. చివరిది ఎందుకు పనికిరాదో ముందే తేల్చేస్తే మిగతా నాలుగింటి మధ్య ఎంచుకోవడం తేలికవుతుంది, అందుకే దాంతోనే మొదలుపెడతాను.

## టైటిల్‌లో అసలు ఏముంటుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీకు వచ్చిన టైటిల్ ఇది అనుకోండి: "రాత్రంతా ఛార్జింగ్‌లో పెడితే ఫోన్ బ్యాటరీ పాడవుతుందా? నిజం ఇదే!"

దీన్ని బట్టి మూడు సారాంశాలు రాయొచ్చు. ఒకటి: అవును, పాడవుతుంది, పడుకునే ముందే ప్లగ్ తీసేయండి అని వీడియో చెబుతోంది. రెండు: కాదు, అది అపోహ, ఇప్పటి ఫోన్లు నిండగానే వాటంతటవే ఛార్జింగ్ ఆపేస్తాయి అని చెబుతోంది. మూడు: అది ఫోన్ ఎంత వేడెక్కుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది అని చెబుతోంది. మూడూ నమ్మేలాగే ఉంటాయి, మూడూ ఆ టైటిల్ కింద చక్కగా ఇముడుతాయి. కానీ మొదటి రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

ఎప్పుడైనా అనుమానం వస్తే ఈ పరీక్ష పెట్టుకోండి: ఆ టైటిల్ కింద ఒకదానికొకటి విరుద్ధమైన రెండు సారాంశాలు రాయగలిగితే, టైటిల్‌లో విషయం ఉంది కానీ చెప్పిన మాట లేదు. ప్రశ్న రూపంలో ఉన్న టైటిళ్లన్నీ ఈ పరీక్షలో తప్పుతాయి. "వారం రివ్యూ మీటింగ్" లాంటివైతే విషయం కూడా చెప్పవు. "గ్యాస్ స్టవ్ బర్నర్ శుభ్రం చేసే పద్ధతి" లాంటి టైటిల్ కొంత నయం, కనీసం ఎదురు సారాంశం రాయలేం. కానీ ఏ పద్ధతి, ఎన్ని మెట్లు, ఏది చేయకూడదు అన్నవి అందులోనూ లేవు.

ఊహించి రాసినదానిలో ఇంకో చిక్కుంది. సబ్జెక్ట్ మీద మీకు ఎంత పట్టు ఉంటే ఊహ అంత అందంగా వస్తుంది. బ్యాటరీల గురించి తెలిసినవాళ్లు వేడి గురించీ, 100 శాతం దగ్గర ఎక్కువసేపు ఉంచడం గురించీ నాలుగు మంచి మాటలు రాసేస్తారు. అవన్నీ నిజమే కావచ్చు, అయినా ఆ వీడియోలో చెప్పినవి కాకపోవచ్చు. సారాంశం చదివేవాళ్లు మాత్రం "ఆ వీడియోలో ఇలా చెప్పారు" అని ఇంకొకళ్లకి చెబుతారు. మీరు రాసిన వాక్యం ఎవరో మనిషి నోట్లో పెట్టినట్టయింది.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, అది ఏ వీడియోనో ఖాయంగా చెప్పగలరా? ఇది తేలకుండా మిగతావేం ఆలోచించినా దండగ. రెండోది, సారాంశం ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు? వీడియో చూడాలా వద్దా అని తేల్చుకోవడానికి అయితే ఒక స్థాయి చాలు, దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకునేట్టయితే, లేదా అందులోంచి మాటలు ఉటంకించేట్టయితే ఆ స్థాయి చాలదు. మూడోది, సమాచారం మాటల్లో ఉందా, తెర మీద ఉందా? క్యాప్షన్లలో మాటలే ఉంటాయి, స్లైడ్ మీద పట్టిక ఉండదు. టైమ్ నాలుగోది. దాన్ని కావాలనే చివర పెట్టాను, ఎందుకంటే అందరూ మొదట ఆలోచించేది దాని గురించే. నిజానికి దారికీ దారికీ మధ్య టైమ్ తేడా అనుకున్నంత ఉండదు, ఆ లెక్క కింద చూపిస్తాను.

| దారి | ఏం చేతికొస్తుంది | పట్టే సమయం | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|
| తిరిగి అడగడం | సరైన వీడియో, అసలు అవసరం | మీకు ఒక నిమిషం, జవాబు వాళ్ల చేతిలో | జవాబు రాకపోతే |
| వెతికి క్యాప్షన్లు తీయడం | చెప్పిన మాటలు, టైమ్‌తో సహా | వీడియో నిడివిలో సగం పైన | తప్పు వీడియో, తప్పు క్యాప్షన్ |
| చూడటం | మాటలు, తెర, గొంతు అన్నీ | వేగాన్ని బట్టి సగం నుంచి పూర్తి నిడివి | గంటల తరబడి ఉన్న రికార్డింగ్‌లు |
| డిస్క్రిప్షన్, చాప్టర్లు | విషయసూచిక | ఐదు నిమిషాలు | చెప్పిన జవాబు అందులో ఉండదు |
| టైటిల్‌తో ఊహ | విషయం పేరు మాత్రమే | రెండు నిమిషాలు | మొత్తంగా |

## తిరిగి అడగడం

చాలామంది దీన్ని తప్పించుకుంటారు. అడిగితే చేతకానట్టు కనిపిస్తామని మొహమాటం, లేదా పైవాళ్లని విసిగించడం ఎందుకన్న టెన్షన్. నా లెక్కలో మాత్రం ఇదే మొదటి దారి. అడిగే తీరు ఒక్కటి కుదరాలి. "ఏ వీడియో అండి?" అని అడిగితే అదే టైటిల్ మళ్లీ పంపుతారు. ఒకే మెసేజ్‌లో అన్నీ వచ్చేలా, వాళ్లకి పని తక్కువ ఉండేలా అడగాలి. ఉదాహరణకి ఇలా:

> "సర్, ఈ టైటిల్‌తో ఒకటికి మించి వీడియోలు కనిపిస్తున్నాయి. లింక్ ఉంటే పంపండి, లేదంటే మీరు చూసిన చోట ఒక స్క్రీన్‌షాట్ అయినా చాలు. ఇది చదివి వీడియో చూడాలా వద్దా అని తేల్చుకోవడానికా, లేక రిపోర్ట్‌లో వాడటానికా? దాన్ని బట్టి ఎంత వివరంగా రాయాలో చూసుకుంటాను."

స్క్రీన్‌షాట్ ఎందుకంటే, లింక్ ఎలా కాపీ చేయాలో తెలియనివాళ్లు కూడా అది పంపగలరు, పైగా అందులో ఛానల్ పేరు ఉంటుంది, థంబ్‌నెయిల్ కింద కుడి మూలన నిడివి ఉంటుంది. ఈ రెండూ టైటిల్‌తో కలిస్తే వీడియో దాదాపు దొరికినట్టే. చివరి ప్రశ్న ఇంకా ముఖ్యం. చాలాసార్లు జవాబు "అబ్బే, సారాంశం కాదు, అందులో ఖర్చు ఎంత అవుతుందని చెప్పారో అదొక్కటే కావాలి" అని వస్తుంది. అప్పుడు పని మొత్తం పది నిమిషాలకి కుదించుకుపోతుంది.

వీడియో అడిగినవాళ్ల సొంత ఛానల్‌దే అయితే ఇంకా సుళువు. యూట్యూబ్ స్టూడియోలోంచి క్యాప్షన్ ఫైల్‌ని వాళ్లే దించి పంపగలరు. మీటింగ్ రికార్డింగ్ అయితే, ట్రాన్‌స్క్రిప్ట్ ఆన్ చేసి ఉంటే, మీటింగ్ పెట్టినవాళ్ల అకౌంట్‌లో అది ఉంటుంది. బయటినుంచి మీరు వెతికినా దొరకదు, అడగాల్సిందే.

## వెతికి క్యాప్షన్లు తీసుకోవడం

జవాబు రాలేదు, లేదా అడిగే వీలు లేదు. అప్పుడు టైటిల్‌ని కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో వెతకాలి:

```
site:youtube.com "టైటిల్ యథాతథంగా ఇక్కడ"
```

దొరకకపోతే వీడియో లేదని అనేసుకోకండి. టైటిల్ చివర చుక్కలుంటే అది మధ్యలో తెగిపోయిన టైటిల్, చుక్కలు తీసేసి మొదటి ఐదారు పదాలతో వెతకండి. అప్‌లోడ్ చేశాక కూడా ఛానల్ వాళ్లు టైటిల్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కాబట్టి మీకు పంపింది పాత పేరు కావచ్చు. ఎక్కువమందికి తట్టని కారణం ఇంకోటి ఉంది: యూట్యూబ్‌లో ఒకే వీడియోకి వేర్వేరు భాషల్లో టైటిళ్లు పెట్టొచ్చు, చూసేవాళ్ల భాషని బట్టి అది మారిపోతుంది. మీకు తెలుగులో వచ్చిన టైటిల్ అసలు ఇంగ్లీష్ వీడియోది కావచ్చు. తెలుగు కాస్త కృతకంగా ఉంటే అదే విషయాన్ని ఇంగ్లీష్‌లో కూడా వెతకడం మంచిది.

దొరికినా ఆగండి. అదే టైటిల్‌తో వేరే ఛానల్ రీఅప్‌లోడ్ ఉండొచ్చు, పెద్ద వీడియోలోంచి కత్తిరించిన షార్ట్ ఉండొచ్చు, రెండో భాగం ఉండొచ్చు. ఛానల్, నిడివి, తేదీ మూడూ రాసి పెట్టుకుని, ఆ వీడియో లింక్‌లో `v=` తర్వాత వచ్చే 11 క్యారెక్టర్ల ఐడీని నోట్స్‌లో పెట్టుకోండి. టైటిల్ మారినా ఆ ఐడీ మారదు.

తర్వాత డిస్క్రిప్షన్ తెరిచి కిందకి వెళ్తే `Show transcript` కనిపిస్తుంది. నొక్కితే టైమ్‌తో సహా మాటలన్నీ పక్కన వస్తాయి. అది కనిపించకపోతే సాధారణంగా ఆ వీడియోకి క్యాప్షన్లు లేవని అర్థం, కొత్తగా ముగిసిన లైవ్ అయితే ఇంకా తయారు కాలేదని అర్థం. క్యాప్షన్ల భాష పేరు పక్కన `auto-generated` అని ఉందో లేదో తప్పకుండా చూడండి. అలా ఉంటే అది మనిషి రాసింది కాదు, గొంతు విని మెషిన్ దించింది, దాన్ని చదివే తీరు వేరు.

మన బ్యాటరీ వీడియో దొరికింది, నిడివి 24 నిమిషాలు, మధ్యలో ఆటోమేటిక్ క్యాప్షన్ ఇలా ఉంది అనుకోండి:

```
9:12  కాబట్టి రాత్రంతా పెడితే పేలిపోతుందనేది
9:15  పాత భయం ఇప్పటి ఫోన్లలో ఫుల్ అవగానే
9:18  ఆగిపోతుంది కానీ అసలు సమస్య
9:21  అది కాదు వేడి
```

కామాలు లేవు, ఫుల్‌స్టాప్‌లు లేవు. చివరి రెండు లైన్లు గబగబా చదివితే "అసలు సమస్య వేడి కాదు" అన్నట్టు తోస్తుంది. చెప్పింది "అసలు సమస్య అది కాదు, వేడి" అని. ఒక్క కామా తేడాతో వీడియో ముఖ్యమైన మాటే తలకిందులైంది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో 9:21 మీద నొక్కితే వీడియో అక్కడికే వెళ్తుంది, "కాదు" తర్వాత మనిషి ఆగాడా లేదా అన్నది రెండు సెకన్లలో వినపడుతుంది. ఆటోమేటిక్ క్యాప్షన్లతో రాసేటప్పుడు మూడు చోట్ల ఇలా నొక్కి వినాల్సిందే: కాదు, లేదు, వద్దు అన్న మాటలు వచ్చిన చోట, అంకెలు వచ్చిన చోట, మనుషుల పేర్లు వచ్చిన చోట. ఇద్దరు మాట్లాడే వీడియో అయితే నాలుగోది కూడా, ఎవరు ఏది అన్నారో క్యాప్షన్‌లో సాధారణంగా ఉండదు కాబట్టి.

"ఇదిగో ఇది చూడండి", "ఈ కాలమ్‌లో ఉన్నట్టు" లాంటి మాటలు తరచుగా కనిపిస్తే విషయం తెర మీద ఉందని గుర్తు. అక్కడ క్యాప్షన్లతో సరిపెట్టొద్దు.

## చూడటం, దాని లెక్క

ట్రాన్‌స్క్రిప్ట్ చదివితే బోలెడు టైమ్ కలిసొస్తుందని అందరి నమ్మకం. ఇంగ్లీష్ వీడియో అయితే లెక్క ఇలా ఉంటుంది. నింపాదిగా మాట్లాడేవాళ్లు నిమిషానికి 150 పదాల చొప్పున 24 నిమిషాల్లో దాదాపు 3,600 పదాలు చెబుతారు. నిమిషానికి 240 పదాలు చదివినా 15 నిమిషాలు పడుతుంది. అదే వీడియోని 2x వేగంతో చూస్తే 12 నిమిషాలు, 1.5x అయితే 16. తెలుగులో పదాలు పొడవు కాబట్టి సంఖ్యలు తగ్గుతాయి కానీ వరస ఇంతే. పైగా విరామ చిహ్నాలు లేని క్యాప్షన్ చదవడం పుస్తకం చదివినంత హాయిగా ఉండదు.

అంటే మొదటి నుంచి చివరి దాకా చదవడానికి ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకుంటే లాభం పెద్దగా లేదు. అది పనికొచ్చేది వెతకడానికి, ఉన్నదున్నట్టు ఉటంకించడానికి, రాసింది సరిచూసుకోవడానికి. అరగంట లోపు వీడియో అయితే నేను 1.5x వేగంతో చూస్తూ, పక్కన ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచి పెట్టుకోవడమే మేలంటాను. 2x దగ్గర అర్థమవుతుంది కానీ నోట్స్ రాసుకోవడానికి ఆపుతూ ఉండాలి, ఆ ఆపడంలో మిగిలిన టైమ్ కాస్తా పోతుంది. రెండు గంటల ప్యానెల్ చర్చ అయితే వరస తిరగబడుతుంది: ముందు ట్రాన్‌స్క్రిప్ట్‌లో కావాల్సిన పదాలు వెతికి, ఆ భాగాలు మాత్రమే మామూలు వేగంతో చూడాలి, "మొత్తం చూడలేదు, ఈ భాగాలే చూశాను" అని రాయాలి.

వెటకారంగా అన్నమాటని క్యాప్షన్ పట్టుకోలేదు. "అవును మరి, రాత్రంతా పెడితే ఇల్లు కాలిపోతుంది" అని నవ్వుతూ అంటే క్యాప్షన్‌లో అది నిజమైన హెచ్చరికలా ఉంటుంది. చూస్తే తప్ప తెలియదు.

## డిస్క్రిప్షన్, చాప్టర్లతో సరిపెట్టడం

ఇది సారాంశం కాదు, విషయసూచిక. ఆ పేరుతో ఇస్తే మంచి పనిముట్టే. చాప్టర్ల పేర్లు "0:00 పరిచయం, 3:40 పాత బ్యాటరీలు, 8:50 వేడి, 17:05 ఏం చేయాలి" అని ఉంటే వీడియో ఎటు వెళ్తుందో తెలుస్తుంది. చాప్టర్ల నిడివి కూడా ఒక ఆధారమే, 8:50 నుంచి 17:05 దాకా ఎనిమిది నిమిషాలు వేడి మీదే ఉన్నాయంటే బరువంతా అక్కడే ఉంది. అయితే "17:05 ఏం చేయాలి" అన్నది చూసి ఏం చేయమన్నారో రాయలేం. కామెంట్లలో ఎవరో రాసిన సారాంశం కనిపిస్తే దాన్ని ఎత్తి రాయకండి, వాళ్లు ఎంత చూశారో మీకు తెలియదు.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

ఆఫీసులో పైవాళ్లు అడిగితే, ఆ సారాంశం ఇంకో నాలుగు చోట్లకి వెళ్తుందని అనుకునే పని మొదలుపెట్టండి. ముందు అడగండి, జవాబు వచ్చేలోపు వెతికి ఉంచండి. దొరికిన వీడియో ఛానల్, నిడివి చెప్పి "ఇదేనా?" అని నిర్ధారించుకున్నాకే రాయడం మొదలుపెట్టండి. తప్పు వీడియోకి రాసిన చక్కటి సారాంశాన్ని మించిన దండగ పని లేదు.

డబ్బు తీసుకుని రాసేవాళ్లయితే ఇందులో బేరం కూడా ఉంది. లింక్ ఇవ్వని పనికి, క్యాప్షన్లు లేని వీడియోకి ఎక్కువ టైమ్ పడుతుందని పని ఒప్పుకునేటప్పుడే చెప్పాలి. టైటిల్ చూసి రేటు చెప్పేసి, తీరా అది మూడు గంటల లైవ్ అని తేలితే మీరే ఇరుక్కుంటారు. నిడివి తెలియకుండా ఒప్పుకోకండి.

చదువుకునేవాళ్లు పాఠం వీడియోకి నోట్స్ రాస్తుంటే చూడటం తప్ప వేరే దారి లేదు, ముఖ్యంగా లెక్కలు, రేఖాచిత్రాలు ఉన్నవి. అక్కడ మాట్లాడే మాటలు "దీన్ని ఇటు తెస్తే ఇది వస్తుంది" అన్నట్టే ఉంటాయి, ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఏ "దీన్ని" అన్నది తెలియదు.

ఫ్రెండ్ ఊరికే అడిగితే, డిస్క్రిప్షన్, చాప్టర్లు చూసి రెండు ముక్కలు చెప్పడం చాలు. "నేను చూడలేదురా, చాప్టర్లు చూసి చెబుతున్నా" అన్న మాట మాత్రం ముందే చేర్చండి.

## వీడియోనే దొరకకపోతే

తొలగించి ఉండొచ్చు, ప్రైవేట్ చేసి ఉండొచ్చు, అన్‌లిస్టెడ్ కావచ్చు. అన్‌లిస్టెడ్ వీడియో లింక్ ఉన్నవాళ్లకి తెరుచుకుంటుంది కానీ వెతికితే సాధారణంగా కనిపించదు, కాబట్టి అడిగినవాళ్ల దగ్గర లింక్ ఉండే అవకాశం ఉంది, ఇంకోసారి అడగడంలో తప్పు లేదు. అదీ లేకపోతే ఇవ్వగలిగింది చిన్న నోట్ ఒక్కటే. బ్యాటరీ వీడియోకైతే అది ఇలా ఉంటుంది:

> "ఈ టైటిల్‌తో వీడియో దొరకలేదు, కోట్స్‌లో పెట్టి తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ వెతికాను. టైటిల్‌ని బట్టి ఇది ఫోన్‌ని రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచడం గురించి అని మాత్రమే తెలుస్తోంది, పాడవుతుందని చెప్పారో లేదని చెప్పారో తెలియదు. లింక్ గానీ, ఛానల్ పేరు గానీ దొరికితే ఈరోజే రాసి పంపుతాను. వీడియో సంగతి పక్కన పెట్టి, ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే విడిగా రాస్తాను."

చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. అడిగిన మనిషికి నిజంగా కావాల్సింది ఆ వీడియో కాకుండా, రాత్రి ఫోన్ ప్లగ్ తీయాలా వద్దా అన్న సంగతే అయితే, దానికి వీడియో అక్కర్లేదు. కాకపోతే అప్పుడు రాసేది సారాంశం కాదు కాబట్టి, పైన ఆ వీడియో టైటిల్ పెట్టకండి.